ఒకే జవాబు, నాలుగు రకాల మనసులు: టీనేజ్‌లో ఐడెంటిటీ ఎలా తయారవుతుంది? (ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్)

ఈ రోజు ఎపిసోడ్ మా ఇంటి గొడవతో మొదలుపెడతాను. పేర్లు చెప్పను గానీ, ఈ కథ చెప్పడానికి మా అన్నయ్య పర్మిషన్ తీసుకున్నాను.

మాది నల్గొండ జిల్లాలో ఒక చిన్న టౌన్. నాన్నకి మెడికల్ షాపు ఉంది. అన్నయ్య టెన్త్‌లో ఉన్నప్పుడు ఇంటికి ఎవరొచ్చి "ఏం చేస్తావు బాబూ?" అని అడిగినా ఒకటే జవాబు. "డి.ఫార్మసీ చేసి షాపు చూసుకుంటా." ఒక్క సెకను కూడా తడుముకునేవాడు కాదు. చుట్టాలందరూ "ఎంత బుద్ధిమంతుడు, ఈ వయసుకే ఎంత క్లారిటీ" అనేవాళ్ళు.

అదే ప్రశ్న నన్ను అడిగితే "ఏదైనా పర్లేదు" అనేదాన్ని. ఎంపీసీయా, బైపీసీయా? ఏదైనా పర్లేదు. హాస్టలా, ఇంటి నుంచి వెళ్తావా? మీ ఇష్టం. "ఈ పిల్లతో అసలు ఇబ్బందే లేదు" అని అమ్మ మురిసిపోయేది.

తర్వాత కొన్నేళ్ళకి అన్నయ్య షాపు వదిలేసి హైదరాబాద్ వెళ్ళిపోయాడు. రెండేళ్ళు ఏం చేస్తున్నాడో ఎవరికీ సరిగా అర్థం కాలేదు. అప్పుడు అదే చుట్టాలు "చెడిపోయాడు" అన్నారు. నాన్న ఆ రెండేళ్ళలో వాడితో సరిగా మాట్లాడింది లేదు.

నేను సైకాలజీ చదివి ఒక కాలేజీలో కౌన్సెలర్‌గా చేరాక ఒక విషయం అర్థమైంది. మా ఇంట్లో మెచ్చుకున్న ఆ రెండు జవాబుల్లోనూ వెతకడం అన్నది లేదు. భయపడిన ఆ రెండేళ్ళలోనే వెతకడం ఉంది. ఇది ఎలా తెలుస్తుందో చెప్పడానికే ఈ ఎపిసోడ్.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది?

'ఐడెంటిటీ క్రైసిస్' అన్న మాట మీరు రీల్స్‌లో చాలాసార్లు విని ఉంటారు. దాన్ని ప్రచారంలోకి తెచ్చింది ఎరిక్ ఎరిక్‌సన్ అనే సైకాలజిస్టు. ఆయన 1902లో జర్మనీలో పుట్టాడు. తల్లి డెన్మార్క్‌కి చెందిన యూదు స్త్రీ. కన్నతండ్రి ఎవరో ఆయనకి ఎప్పటికీ తెలియలేదు. పిల్లల డాక్టరైన సవతి తండ్రి పెంచాడు. స్కూల్లో తోటి పిల్లలు యూదుడని ఏడిపించేవాళ్ళు. యూదుల మధ్యకి వెళ్తే నీలికళ్ళు, బంగారు రంగు జుట్టు చూసి నువ్వు మావాడివి కాదన్నట్టు చూసేవాళ్ళు. సవతి తండ్రికేమో తనలాగే డాక్టర్ అవ్వాలని కోరిక. ఈయన స్కూల్ అయిపోగానే బొమ్మలు వేసుకుంటూ కొన్నేళ్ళు యూరప్‌లో తిరిగాడు. 25 ఏళ్ళ వయసులో వియన్నాలో టీచర్‌గా చేరాక గానీ తన దారి దొరకలేదు.

టీనేజ్‌లో మనిషి ముందుండే పెద్ద పని "నేను ఎవరు, నా చోటు ఎక్కడ" అని తేల్చుకోవడమే అని ఎరిక్‌సన్ రాశాడు. అయితే దాన్ని కొలవడం ఎలా? ఆ పని జేమ్స్ మార్షియా చేశాడు. 1966లో వచ్చిన ఆయన పరిశోధనలో అమెరికాలోని 86 మంది కాలేజీ అబ్బాయిలని ఇంటర్వ్యూ చేశారు. ఉద్యోగం, మతం, రాజకీయం, ఈ మూడింటి గురించే ప్రశ్నలు. ఆ జవాబుల్లో ఆయన వెతికింది రెండే విషయాలు.

ఒకటి, ఈ అబ్బాయి వేరే దారులు నిజంగా చూశాడా? అంటే తడబడి, ప్రశ్నించుకుని, పోల్చి చూశాడా? రెండు, ఇప్పుడు ఒకదాని మీద నిలబడ్డాడా? అంటే దాని కోసం టైమ్, కష్టం పెడుతున్నాడా? మొదటిది వెతకడం, రెండోది నిలబడటం. ఈ రెండింటికీ అవును, కాదు అని జవాబు పెడితే నాలుగు కాంబినేషన్లు వస్తాయి కదా. ఆ నాలుగే ఐడెంటిటీ స్టేటస్‌లు.

నాలుగు స్థితులు, ఒకే హాస్టల్ గదిలో

నలుగురు ఇంటర్ సెకండియర్ పిల్లలని ఊహించుకోండి. నలుగురూ ఎంపీసీ. "తర్వాత ఏంటి?" అంటే నలుగురూ "సీఎస్ఈ" అంటారు. జవాబు ఒకటే, లోపల ఉన్నది మాత్రం ఒకటి కాదు.

మొదటివాడు సీఎస్ఈ అంటున్నది బావ అమెరికాలో అదే చేశాడు కాబట్టి, ఇంట్లో ఎనిమిదో క్లాసు నుంచీ అదే అనుకున్నారు కాబట్టి. గట్టిగా నిలబడ్డాడు, కానీ వెతకలేదు. దీన్ని ఫోర్‌క్లోజర్ అంటారు. లోన్ ఫోర్‌క్లోజ్ చేయడం విన్నారు కదా, గడువుకి ముందే క్లోజ్ చేసేయడం. ఇక్కడ గడువుకి ముందే క్లోజ్ అయింది ప్రశ్న.

రెండోవాడు సీఎస్ఈ అంటున్నది రూమ్మేట్ అంటున్నాడు కాబట్టి. రేపు రూమ్మేట్ బీకామ్ అంటే వీడూ బీకామే. వెతకలేదు, నిలబడలేదు. ఇది డిఫ్యూజన్. టెన్త్‌లో నేను ఇదే.

మూడోవాడు సీఎస్ఈ అని పైకి అంటాడు గానీ రాత్రిళ్ళు డిజైన్ కోర్సుల గురించి చదువుతాడు, లా చేస్తున్న సీనియర్‌కి ఫోన్ చేస్తాడు, ఇంట్లో వాదిస్తాడు. వెతుకుతున్నాడు, ఇంకా నిలబడలేదు. ఇది మారటోరియం. 2020లో కరోనా టైమ్‌లో ఈఎంఐలకి మారటోరియం ఇచ్చారు గుర్తుందా? కట్టక్కర్లేదని కాదు, కొంచెం గడువు ఇచ్చారంతే. ఇదీ అలాంటి గడువే.

నాలుగోవాడు టెన్త్ సెలవుల్లో కజిన్ లాప్‌టాప్‌లో చిన్న చిన్న ప్రోగ్రాములు రాశాడు. బయాలజీ కూడా ఇష్టమే, కొన్నాళ్ళు అటా ఇటా ఊగాడు. ఒక పెద్ద బగ్ దొరక్క మూడు రోజులు కూర్చున్నా విసుగు రాలేదని గమనించి, ఇటు వచ్చాడు. వెతికాడు, నిలబడ్డాడు. ఇది అచీవ్‌మెంట్.

చూశారా, బయట నుంచి చూస్తే ఒకటో వాడూ నాలుగో వాడూ ఒకేలా ఉంటారు. ఇద్దరికీ క్లారిటీ ఉంది, ఇద్దరూ కష్టపడతారు. తేడా ఎప్పుడు బయటపడుతుందంటే, దెబ్బ తగిలినప్పుడు.

మార్షియా దీన్ని కూడా పరీక్షించాడు. ఇంటర్వ్యూ అయిన అబ్బాయిలకి టెన్షన్ పెట్టే పరిస్థితిలో కష్టమైన పజిల్ లాంటి పని ఇచ్చారు. అచీవ్‌మెంట్‌లో ఉన్నవాళ్ళు ఎక్కువసేపు పట్టుదలగా చేశారు, తమ టార్గెట్‌ని ఫలితాన్ని బట్టి సర్దుకున్నారు. ఫోర్‌క్లోజర్‌లో ఉన్నవాళ్ళు ఫలితం బాగా రాకపోయినా టార్గెట్‌ని అందనంత ఎత్తులోనే పెట్టుకున్నారు. పెద్దల మాటకి ఎదురు చెప్పకూడదన్న భావన కూడా వాళ్ళలోనే ఎక్కువ కనిపించింది.

ఇది చదివినప్పుడు నాకు వెంటనే మా హాస్టల్‌లో ఒక అమ్మాయి గుర్తొచ్చింది. నీట్ కోసం లాంగ్ టర్మ్ తీసుకుంది. మాక్ టెస్టుల్లో మార్కులు తగ్గుతున్నకొద్దీ గోడ మీద అంటించుకున్న టార్గెట్ స్కోరు పెంచుతూ పోయింది. లాంగ్ టర్మ్ తీసుకోవడం తప్పని నేను అనట్లేదు. చాలామంది ఆలోచించుకునే తీసుకుంటారు. కానీ తనని "డాక్టర్ కాకపోతే?" అని అడిగితే కోపం రాలేదు, భయం వేసింది. "అలా అడగొద్దక్కా" అంది. వేరే జవాబు ఉండొచ్చన్న ఆలోచనే తనకి ఎవరూ ఇవ్వలేదు. సీటు పోతే తన లెక్కలో పోయేది కెరీర్ ఒక్కటే కాదు, తనెవరో కూడా.

అన్నయ్యకి ఏం జరిగింది?

అన్నయ్య బైపీసీ అయ్యాక రెండేళ్ళ డి.ఫార్మసీ చేశాడు, ఫార్మసిస్టుగా రిజిస్టర్ అయ్యాడు, షాపులో కూర్చున్నాడు. ఏ గొడవా లేదు. 21 ఏళ్ళకే సెటిల్ అయ్యాడని అందరూ అన్నారు. ఇది పక్కా ఫోర్‌క్లోజర్.

కదలిక మొదలైంది చిన్న విషయంతో. క్లాస్‌మేట్ ఒకడు హైదరాబాద్ నుంచి వచ్చి షాపులో గంట కూర్చుని, "నువ్వు దీన్ని ఎంచుకున్నావా, దొరికిందని కూర్చున్నావా?" అని అడిగాడట. అన్నయ్య నవ్వేశాడు. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదట. నేను దీన్ని గుర్తుపెట్టుకోమంటాను. ఫోర్‌క్లోజర్ సాధారణంగా పెద్ద ఫెయిల్యూర్‌తో పగులుతుంది అనుకుంటాం. ఒక్కోసారి జవాబు లేని ప్రశ్న ఒక్కటి చాలు.

ఆరు నెలల తర్వాత వెళ్ళిపోయాడు. మొదట ఒక కార్పొరేట్ ఆస్పత్రి ఫార్మసీలో నైట్ షిఫ్టులు. తర్వాత మెడికల్ రెప్, బ్యాగు వేసుకుని డాక్టర్ల గదుల బయట గంటలకొద్దీ ఎదురుచూడటం. అది నచ్చక అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని నాలుగు నెలలు గ్రూప్స్ కోచింగ్. ప్రతి మార్పుకీ ఇంట్లో ఒక గొడవ. "ఒక్కదాని మీద నిలకడ లేదు" అని నాన్న. ఫోన్ తీస్తే తిట్లు, తీయకపోతే అమ్మ ఏడుపు. అన్నయ్య ఆ టైమ్‌లో ఏడు కిలోలు తగ్గాడు.

మారటోరియం అంటే సరదాగా తిరగడం కాదు. నాలుగు స్థితుల్లో ఎక్కువ ఆందోళన ఉండేది ఇందులోనే అని పరిశోధనల్లో పదే పదే కనిపించింది. ఫోర్‌క్లోజర్‌లో ఉన్నవాళ్ళకి ఆందోళన తక్కువ, ఇంట్లోవాళ్ళతో దగ్గరితనం ఎక్కువ. అందుకే వాళ్ళు బాగున్నట్టు కనిపిస్తారు. చాలా వరకు నిజంగానే బాగుంటారు కూడా.

మరి అన్నయ్య వెతుకుతున్నాడా, ఊరికే కొట్టుకుపోతున్నాడా? ఎలా చెప్పాలి? నేనైతే ఒకటి చూస్తాను. ప్రతి ప్రయత్నం తర్వాత తన గురించి ఒక కొత్త విషయం తెలుస్తోందా? ఆస్పత్రిలో ఉన్నప్పుడు వాడికి బిల్లింగ్ విసుగు. కానీ ఒక పెద్దాయనకి ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో పది నిమిషాలు చూపించిన రోజు ఫోన్ చేసి మరీ చెప్పాడు. రెప్‌గా చేసినప్పుడు మందు గురించి మాట్లాడటం ఇష్టమే, అమ్మమని బతిమాలడం ఇష్టం లేదు అని తెలిసింది. గ్రూప్స్ పుస్తకాల ముందు కూర్చున్నప్పుడు, ఇది నాన్న మీద కోపంతో చేస్తున్నానని తెలిసింది. మూడు చోట్ల నుంచి మూడు ముక్కలు.

రెండేళ్ళకి తిరిగొచ్చాడు. ఎక్కడికి? అదే షాపుకి! ఊళ్ళో అందరూ "బుద్ధొచ్చింది, దారిలో పడ్డాడు" అన్నారు. వాళ్ళకి కనిపించింది అదే షాపు, అదే కౌంటర్, అదే మనిషి. కానీ స్థితి మారింది. ఇప్పుడు వాడిది అచీవ్‌మెంట్.

రుజువేంటి అంటారా? వచ్చిన నెలలోనే నాన్నతో పెద్ద గొడవ. మా షాపులో ఎప్పటి నుంచో జలుబుకి, జ్వరానికి చీటీ లేకుండానే రెండు యాంటీబయాటిక్ బిళ్ళలు కత్తిరించి ఇచ్చేవాళ్ళు. అన్నయ్య ఇవ్వనన్నాడు. "పక్క షాపుకి పోతారు రా" అని నాన్న. నిజంగానే పోయారు, కొన్ని నెలలు గల్లా తగ్గింది. వాడు మారలేదు. షుగర్ పేషెంట్లకి ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో, ఎక్కడ దాచుకోవాలో కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. మునుపటి అన్నయ్య అయితే నాన్న మాటకి ఎదురు చెప్పేవాడే కాదు. ఎందుకంటే అప్పుడు ఆ షాపు నాన్నది, ఆ జవాబూ నాన్నదే.

మీది ఏ స్థితో తెలుసుకునే ప్రశ్న

మార్షియా ఇంటర్వ్యూలో ఒక ప్రశ్న ఉంటుంది. నేను కౌన్సెలింగ్‌లో దాదాపు రోజూ వాడతాను. "నువ్వు అనుకున్నదానికంటే మంచిది ఏదైనా ఎదురైతే దీన్ని వదిలేస్తావా?" అని. అవునా కాదా అన్నది ముఖ్యం కాదు, ఎలా చెబుతారో వినాలి.

"వదలను. చిన్నప్పటి నుంచీ ఇదే అనుకున్నాం, అమ్మానాన్నకీ ఇదే ఇష్టం." ఈ జవాబులో 'అనుకున్నాను' లేదు, 'అనుకున్నాం' ఉంది. ఫోర్‌క్లోజర్ అనిపిస్తుంది. "ఆ, వదిలేస్తా, ఏముంది అందులో!" అని వెంటనే అంటే డిఫ్యూజన్. "అదే మేడమ్ తెలియట్లేదు, ఇందులో ఇది బాగుంది, అందులో అది బాగుంది..." అని పది నిమిషాలు చెబితే మారటోరియం. "వదలొచ్చేమో, కానీ నాకు మంచిది అంటే ఎలా ఉండాలో తెలుసు, దానికంటే మంచిది కష్టమే" అంటే అచీవ్‌మెంట్. ఒక్క ప్రశ్నతో తేల్చేయకూడదు, అందుకే దీని వెంట ఇంకోటి అడుగుతాను. "వేరేది ఏదైనా చూశావా? చూడటం అంటే ఎవరిని కలిశావు, ఏం చేసి చూశావు?"

ఈ రెండో ప్రశ్న దగ్గరే మన ఫోన్ సంగతి వస్తుంది. రాత్రి రెండింటి దాకా "డే ఇన్ మై లైఫ్" వీడియోలు నలభై చూసి, నేను ఎక్స్‌ప్లోర్ చేస్తున్నా అనుకునేవాళ్ళు చాలామంది నా దగ్గరికి వస్తారు. బెల్జియంలో కోయెన్ లైక్స్, ఆయన టీమ్ 2008లో దీని గురించి ఒక మంచి తేడా చూపించారు. వెతకడంలో ఒకటి ముందుకి తీసుకెళ్ళేది. ఇంకోటి ఉన్నచోటే గిరగిరా తిప్పేది, అదే ప్రశ్న, అదే బెంగ, మళ్ళీ అదే ప్రశ్న. ఈ రెండో రకం దిగులుతో ముడిపడి ఉంటుంది. నెల క్రితం మీరు అడుక్కున్న ప్రశ్నా ఈ రోజు ప్రశ్నా మాటలతో సహా ఒకటే అయితే, మీరు తిరుగుతున్నారని అర్థం. అప్పుడు ఇంకో వీడియో కాదు, ఆ పని చేసే ఒక్క మనిషితో అరగంట మాట్లాడండి. నిద్ర, తిండి దెబ్బతినేంతగా ఉంటే మాత్రం ఒంటరిగా మోయకుండా కౌన్సెలర్‌ని కలవండి.

ఇంకో రెండు మాటలు

ఒకటి, మనిషి మొత్తానికి ఒకే స్టేటస్ ఉండదు. కెరీర్‌లో అచీవ్‌మెంట్‌లో ఉన్నవాడు రాజకీయాల్లో ఫోర్‌క్లోజర్‌లో ఉండొచ్చు. 18 నిండి మొదటి ఓటు వేసేటప్పుడు "మా ఇంట్లో అందరం ఆ పార్టీయే" అని వేశారా? దేవుడి విషయంలో, పెళ్ళి విషయంలో మీ జవాబు మీరు వెతికి పట్టుకున్నదేనా? ఇవి మెట్లు కూడా కావు. అచీవ్‌మెంట్‌కి చేరినవాళ్ళు ఉద్యోగం పోయినా, పిల్లలు పుట్టినా మళ్ళీ వెతకడంలోకి వెళ్తారు. 25 దాటినా అచీవ్‌మెంట్‌కి రానివాళ్ళు చాలామందే ఉంటారు, కాబట్టి 19 ఏళ్ళకి తేలలేదని కంగారు వద్దు.

రెండు, వెతకడానికి ఖర్చు అవుతుంది. మార్షియా మొదట చూసింది అమెరికా కాలేజీ కుర్రాళ్ళని. ఆడపిల్లల మీద పరిశోధన ఆ తర్వాతే వచ్చింది. మా అన్నయ్య రెండేళ్ళు తిరగగలిగాడంటే వెనక షాపు ఉంది కాబట్టి, మగపిల్లాడు కాబట్టి. నేను అలాగే వెళ్ళిపోతానంటే ఒప్పుకునేవాళ్ళా? ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతూ, ఇంటికి డబ్బు పంపాల్సిన అబ్బాయికి "అన్నీ ట్రై చెయ్యి" అని చెప్పడం నాకే సిగ్గుగా ఉంటుంది. అలాంటి చోట ఇంట్లోవాళ్ళు చెప్పిన దారి పట్టుకోవడం బలహీనత కాదు, ఒక్కోసారి అదే తెలివి. కానీ అప్పుడు కూడా "ఇది నా పరిస్థితికి నేను ఒప్పుకున్నది" అని తెలిసి పట్టుకోవడం వేరు, వేరే దారి ఉందని తెలియక పట్టుకోవడం వేరు.

నా సంగతి చెప్పలేదు కదా. ఫ్రెండ్ తీసుకుందని బైపీసీ, సీటు వచ్చిందని డిగ్రీ బీజెడ్‌సీ. డిఫ్యూజన్‌లో ఉన్నప్పుడు బాధేమీ ఉండదు, ఖాళీగా ఉంటుందంతే. అన్నయ్య ఇంట్లో లేని ఆ రెండేళ్ళలో నాన్న నన్ను షాపులో కూర్చోబెట్టాడు. మూడో నెలలో మొదటిసారి నా నోట్లోంచి "నాకిది వద్దు నాన్నా" అని వచ్చింది. ఏం కావాలో అప్పటికీ తెలియదు. కానీ "ఏదైనా పర్లేదు" అనే అమ్మాయి ఆ రోజుతో అయిపోయింది. పీజీలో సైకాలజీ ఎంచుకోవడానికి ఇంకా ఏడాదిన్నర పట్టింది.

నాన్నకీ అన్నయ్యకీ ఇప్పటికీ యాంటీబయాటిక్స్ మీద వాదన అవుతూనే ఉంటుంది. కాకపోతే పోయినసారి నేను ఇంటికెళ్ళినప్పుడు ఎవరో చీటీ లేకుండా వచ్చి అడిగితే, నాన్నే "మా వాడు ఒప్పుకోడమ్మా, డాక్టర్‌ని అడిగి రా" అని పంపించాడు.